ఇంటిగ్రేటెడ్ బీఈడీ దరఖాస్తు: మీరు బాధ్యత తీసుకున్న ఒక పని గురించి రాయండి

ఎంపిక కమిటీ సభ్యులకు నమస్కారం.

మాది జోగులాంబ గద్వాల జిల్లా, ఐజ మండలంలో ఒక ఊరు. ఇంటర్ ఎంపీసీ ఈ ఏడాదే, 2025 మార్చిలో పూర్తి చేశాను. 2023 జూన్ నుంచి మా ఊళ్లో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు సాయంత్రం పూట చదువు చెబుతున్నాను. డబ్బులు తీసుకోలేదు. మొదట మా బాబాయి కూతురు ఒక్కతే నా దగ్గర కూర్చునేది, దసరా నాటికి పద్నాలుగు మంది అయ్యారు, మా వరండా చాలక పంచాయతీ ఆఫీసు అరుగు మీదికి మారాం.

చదువు చెప్పాను కాబట్టి నాకు బాధ్యత తెలుసు అని రాసేస్తే అది పూర్తి నిజం కాదు. మొదటి ఏడాది నాకు అది ఇష్టమైన పని, అంతే. బాధ్యత అని తెలిసింది 2024 ఆగస్టులో, నేను చేసిన ఒక తప్పు వల్ల. అందుకే దాన్నే ముందు రాస్తున్నాను.

మా వైపు విత్తనాల కోసం వేసే సీడ్ పత్తి ఎక్కువ. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా క్రాసింగ్ పని ఉంటుంది. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా మొగ్గలు ఒలవాలి, మర్నాడు పొద్దున్నే మగపువ్వు పుప్పొడి తెచ్చి వాటికి రుద్దాలి. చిన్న వేళ్లయితే పని నీటుగా వస్తుందని పిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని తీసుకెళతారు. ఆ మూడు నెలలు బడిలో హాజరు పలచబడుతుంది. నా దగ్గరికి వచ్చే పద్నాలుగు మందిలో ఐదుగురే మిగిలారు. వాళ్లలో నాలుగో తరగతి పాప ఒకతి ఉంది (పేరు రాయడం లేదు, వాళ్లమ్మను అడగలేదు). తీసివేతల్లో అప్పుడప్పుడే దారిన పడుతోంది. నేను వాళ్లింటికి వెళ్లి, సాయంత్రం పూట దాన్ని పొలానికి తీసుకుపోవద్దని, రోజూ నేను కూర్చోబెట్టి చెబుతానని వాళ్లమ్మను బతిమాలాను. ఆమె రెండు రోజులు ఆలోచించి సరే అంది. సరే అనడమంటే ఆ పూట కూలి వదులుకోవడం, అది నాకు తెలుసు, తెలిసే అడిగాను.

సరిగ్గా పది రోజులకు, శ్రావణ మాసంలో, కర్నూల్లో మా పెద్దమ్మ కొడుకు పెళ్లి. మూడు రోజులు వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. నేను లేకపోతే పిల్లలు చూసి వెళ్లిపోతారులే అనుకున్నాను, అంతకంటే ఆలోచించలేదు. తిరిగి వచ్చిన రోజు వాళ్లమ్మ మా ఇంటి ముందుకు వచ్చింది, అరవలేదు. "నీ మాట నమ్మి పిల్లను పనికి పంపకపోతి. మూడు దినాలు నువ్వే లేకపోతివి. అది రోజూ పలక పట్టుకుని చీకటి పడేదాంక ఆడనే కూసున్నది" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ పాప మాత్రం నా మీద కోపంగా లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మూడు రోజుల్లో తనంతట తాను వేసుకున్న లెక్కలు చూపించింది, అన్నీ ఒకే చోట తప్పు.

402లోంచి 178 తీసేయాలి. "పై అంకె చిన్నదైతే పక్కింట్లో ఒకటి అప్పు తెచ్చుకో" అని నేనే నేర్పాను, మాకూ బడిలో అలాగే చెప్పారు. "అక్కా, పక్కింట్లో సున్నా ఉంది కదా, వాళ్ల దగ్గరే ఏమీ లేదు, నాకెట్లా ఇస్తారు?" అని అడిగింది. సున్నా దగ్గర ఆగిపోయి, ఎటు పోవాలో తెలియక, రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచే రెండు తీసి ఆరు వేసింది. తప్పు దానిది కాదు, నా మాటది. అప్పు అనే మాట వాళ్ల ఇంట్లో రోజూ వినబడేదే, లేని వాళ్ల దగ్గర అప్పు పుట్టదని దానికి నాకన్నా బాగా తెలుసు. మర్నాడు కాగితం ముక్కలతో వందలు, పదులు, ఒకట్లు చేశాం. నాలుగు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు పెట్టి, దుకాణంలో చిల్లర మార్చినట్టు ఒక వందను పది పదులు చేసి, అందులో ఒక పదిని పది ఒకట్లు చేయించాను. చేతిలో మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు ఒకట్లు. అందులోంచి 178 తనే లెక్కపెట్టి తీసేసింది, 224 మిగిలింది. మళ్లీ అన్నీ కలిపి 402 వస్తుందా అని నేను చెప్పకుండానే సరిచూసుకుంది.

ఆ వారం నేను కొన్ని మార్చుకున్నాను. నేను రాని రోజు ఉంటే రెండు రోజుల ముందే ఇంటింటికీ వెళ్లి చెప్పడం, అరుగు గోడ మీద సుద్దతో రాయడం. సమయం సాయంత్రం నుంచి రాత్రి ఏడున్నరకు మార్చాను, పొలం నుంచి వచ్చి తిన్నాక మిగతా పిల్లలూ రాగలిగేలా. ఐదుగురు తొమ్మిదయ్యారు. కొందరు నిద్రకు తూగుతుంటే కథ చదివించి పంపేసేదాన్ని, వాళ్ల మీద లెక్కలు రుద్దడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఇంకొకటి, ఒక నోట్‌బుక్ పెట్టాను. ఎవరు వచ్చారో కాదు, ఎవరు ఎక్కడ ఆగిపోయారో రాసేదాన్ని. "ఒత్తులు వస్తాయి, రెండు ఒత్తులు కలిస్తే రావు: రాష్ట్రం, వస్త్రం." "ఏడో ఎక్కం వెనక నుంచి అడిగితే తడబాటు." "ఇంట్లో కన్నడం, తలకట్టు కన్నడంలోలా వేస్తున్నాడు, మందలించొద్దు." మా బడి సార్ ఆ నోట్‌బుక్ చూసి, తొలిమెట్టు కార్యక్రమంలో వాడిన పాత వర్క్‌బుక్కులు ఇచ్చారు. అప్పటినుంచి నెలకోసారి ఆయనతో కూర్చుని ఎవరికి ఏం కావాలో మాట్లాడుకునేవాళ్లం.

అందరూ బాగుపడ్డారని నేను చెప్పను. ఐదో తరగతి అబ్బాయి ఒకడు దీపావళి తర్వాత కూడా రాలేదు, రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను, మూడోసారి వెళ్లడానికి మొహమాటపడ్డాను. వెళ్లి ఉండాల్సింది. నోట్‌బుక్‌లో వాడి పేజీ సగంలోనే ఉంది.

మీ కోర్సులో ప్రిపరేటరీ స్టేజ్, అంటే మూడు నుంచి ఐదు తరగతులు ఎంచుకుంటున్నాను. మ్యాథ్స్‌లో మార్కులు బాగున్నాయి కదా, ఇంజినీరింగ్‌కు వెళ్లొచ్చు కదా అని ఇంట్లో కూడా అడిగారు. సున్నా దగ్గర ఆగిపోయిన పిల్లకు ఏం చెప్పాలో నేను అదృష్టం కొద్దీ కనిపెట్టాను, అది కూడా ఏడాది తర్వాత. ఆ ఏడాదిలో "పక్కింటి అప్పు" అని ఎంతమందికి నేర్పానో నాకు తెలుసు, నోట్‌బుక్ లేని రోజులవి కాబట్టి ఎవరు ఎక్కడ ఆగిపోయారో మాత్రం తెలియదు. పిల్ల ఆగిపోకముందే తెలుసుకునే పద్ధతి ఉంటుందని, దాన్ని చదువుకుని నేర్చుకోవచ్చని నా నమ్మకం. నాకు కావలసింది అదే.

సీటు వస్తే హాస్టల్లో ఉండాల్సి వస్తుంది కాబట్టి ఈసారి ముందే ఏర్పాటు చేశాను. మా వీధిలో ఇంటర్ మొదటి ఏడాది పూర్తి చేసిన అమ్మాయి ఏప్రిల్ చివరి నుంచి నాతో పాటు అరుగు మీద కూర్చుంటోంది. మొదటి రెండు వారాలు నేను చెబుతుంటే తను చూసింది, తర్వాత తను చెబుతుంటే నేను చూశాను. తల్లిదండ్రులందరి దగ్గరికీ ఇద్దరం కలిసి వెళ్లి చెప్పాం. ఆ పాప వాళ్లమ్మ ఒకటే అడిగింది, ఈ పిల్ల రాని రోజు ముందే చెబుతుందా అని. చెబుతుందన్నాను. ఆగస్టులో క్రాసింగ్ మొదలయ్యేసరికి నేను ఊళ్లో ఉండను కాబట్టి, ఆ నెల ప్రతి ఆదివారం వాళ్లిద్దరికీ ఫోన్ చేస్తానని మాటిచ్చాను. నోట్‌బుక్ తనకే ఇచ్చేశాను, పిల్లల పేర్లు తీసేసి పన్నెండు పేజీలు ఈ దరఖాస్తుతో జత చేస్తున్నాను.