ఆసు దారం

స్వప్నది పుట్టపాక. నాన్న మగ్గం నేస్తాడు, అమ్మ మగ్గానికి నూలు సిద్ధం చేస్తూ ఆసు పోస్తుంది. డిగ్రీకి నల్లగొండ వచ్చి ప్రైవేట్ హాస్టల్లో చేరింది. నెలకు 3,500. మగ్గం మీది నుంచి చీర దిగితేగానీ నాన్న దగ్గర ఆ డబ్బు ఉండదు.

రూమ్మేట్ పుట్టినరోజుకు గిఫ్ట్ కొనే స్తోమత లేక స్వప్న తెల్ల చార్టు కత్తిరించి కార్డు చేసింది. అమ్మ సకినాల మూటకు కట్టి పంపిన రంగు నూలు పోగులను దాని మీద వరసగా అంటించింది. పోగుపోగునూ వెంట్రుకవాసి పక్కకు జరుపుతూ పోతే రంగుల అంచు చెదిరి, అచ్చం తమ ఊళ్లో నేసే చిటికి చీర కొంగులా వచ్చింది. అది చూసి పక్క గది అమ్మాయి, "నాకొకటి చేసిస్తవా? ముప్పై రూపాయలిస్త" అంది.

ఆ నెల 8 కార్డులు, 240 రూపాయలు. నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుంది. టీచర్స్ డేకి 22 అమ్మింది.

తర్వాత 15 కార్డుల ఆర్డర్ వచ్చింది. తెల్లారి ఇవ్వాలి. సాయంత్రం చూస్తే ఎరుపంతా ఫెవికాల్ తడికి కారి తెల్ల అట్ట మీద మరకలైంది. ఏడుస్తూ నాన్నకు ఫోన్ చేసింది.

"ఉతకని నూలు బిడ్డా, తడి తగిల్తే రంగు వదుల్తది. నీళ్లల్ల జాడించి నీడకు ఆరబెట్టు. బంక పల్చగ రాయి."

పోగులు ఫ్యాన్ కింద ఆరబెట్టి, గదిలో లైట్ ఆపేశాక వరండా ట్యూబ్‌లైట్ కింద కూర్చుని పదిహేనూ మళ్లీ చేసింది. అప్పటి నుంచి జాడించని నూలు ఎప్పుడూ వాడలేదు.

న్యూ ఇయర్‌కు ప్రకాశం బజార్‌లో ఓ స్టేషనరీ షాపాయన అమ్ముడుపోతేనే డబ్బులిస్తానని 20 కార్డులు పెట్టుకున్నాడు. 13 పోయాయి. ఆ డబ్బుతో తెలుగు అకాడమీ పుస్తకాలు రెండు కొంది, సెకండ్ హ్యాండ్‌వి కాదు, కొత్తవి. పరీక్షల నెలల్లో చివరి పేజీలో సున్నాలే. మళ్లీ 600, తర్వాత 1,100. మొదట మెస్ బిల్లులో సగం, తర్వాత బస్సు ఛార్జీలు, ఆ తర్వాత పరీక్ష ఫీజు.

ఫైనలియర్‌లో సీనియర్ అక్క పెళ్లికి 100 కార్డులు, ఒక్కోటి 45. రూమ్మేట్లు ముగ్గురూ కూర్చుని చార్టులు మడిచి పెట్టారు. పోగులు మాత్రం స్వప్నే అంటించింది. ఖర్చులు పోనూ హాస్టల్ ఫీజు కట్టి, రసీదు చేతిలో పట్టుకునే ఇంటికి ఫోన్ చేసింది.

"నాన్నా, ఈ నెల పైసలు పంపకు. కట్టేసిన."

అవతల మగ్గం చప్పుడు ఆగింది. కాసేపు మాట లేదు.

"ఎర్ర నూలు ఉన్నదా బిడ్డా? అయిపోతే చెప్పు, రేపు జాడించి పంపుత."