విషయం: 4,800 కోకోపీట్ బ్లాకులు వారం ముందే అందాయి – కృతజ్ఞతలు, రాబోయే లాట్లలో మా వంతు గురించి

సత్యనారాయణ గారికి,

నమస్కారమండి.

మే 12న మేమిచ్చిన ఆర్డరు తాలూకు 5 కిలోల కోకోపీట్ బ్లాకులు 4,800, రెండు లారీల్లో మే 29 ఉదయానికి కడియపులంక చేరాయి. మనం అనుకున్న తేదీ జూన్ 5. అంబాజీపేటలో లోడు ఎత్తిన సాయంత్రమే మీ సూపర్‌వైజరు ఫోన్ చేసి చెప్పడం వల్ల తెల్లారేసరికి ముఠాని సిద్ధంగా ఉంచుకోగలిగాం. మధ్యాహ్నం లోపే రెండు లారీలూ ఖాళీ అయిపోయాయి. మీకూ, మీ యార్డులో ఎండలో పనిచేసిన అందరికీ మా నర్సరీ తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

సరుకు ముందే రావడం ఒక్కటే అయితే రెండు ముక్కల్లో థాంక్స్ చెప్పి ఊరుకునేవాళ్లం. కోకోపీట్ విషయంలో తొందరగా వచ్చిందంటే సంతోషం కంటే ముందు అనుమానం కలుగుతుంది. కడగడంలో ఒక దఫా తగ్గించారా, పూర్తిగా ఎండకముందే ప్రెస్సులో పెట్టేశారా అని. పైగా మే నెలంటే డెల్టా కాలువలు కట్టేసి ఉండే కాలం. కాలువ నీళ్లు లేనప్పుడు సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లతో పొట్టు కడిగితే ఉప్పు దిగడం అటుంచి, ఇంకొంచెం ఎక్కుతుంది. అందుకే దించుతుండగానే ఒక్కో లారీ నుంచి పైవరస, మధ్య, అడుగు కలిపి ఆరేసి బ్లాకులు తీసి పరీక్ష చేయించాం.

ఒక వంతు పీట్‌కి ఒకటిన్నర వంతు నీళ్లు కలిపి చూస్తే పన్నెండింటిలో పదకొండు బ్లాకుల ఈసీ 0.36 నుంచి 0.47 మధ్యే ఉంది. ఒక్కటి 0.62 వచ్చింది. మనం రాసుకున్న హద్దు 0.5. మిగతా పదకొండూ దాని లోపే ఉన్నాయి కాబట్టి ఆ ఒక్కదాని కోసం లాట్‌ని తప్పుపట్టాల్సిన పని లేదు. పీహెచ్ 5.8 నుంచి 6.3. తేమ 14 నుంచి 16 శాతం. నానబెడితే బ్లాకుకి 70 లీటర్లకు తగ్గకుండా పొంగింది, ఇసుక గానీ పొడుగాటి పీచు గానీ పెద్దగా తగల్లేదు. తూకం కూడా కాటా చీటీలతో సరిపోయింది. తొమ్మిది బ్లాకులకు మూలలు విరిగాయి. వాటిని ముందుగా ట్రేలకు వాడేస్తున్నాం, బిల్లులో ఏమీ తగ్గించొద్దు.

ఈ అంకెలు చూస్తే కాలువ కట్టేయకముందే మీరు పొట్టు కడిగి పెట్టుకున్నారని అర్థమవుతోంది. మేము విలువ ఇచ్చేది ఆ ముందుచూపుకి.

ఆ వారం మాకు ఎందుకు అంత పనికొచ్చిందో కూడా చెప్పాలి. కడిగిన పీట్‌ని కూడా మేము కాల్షియం నైట్రేట్ నీళ్లలో ఒక రాత్రి ఉంచి, మర్నాడు మంచినీళ్లు పోసి వడకట్టాకే నారుకు వాడతాం. లేకపోతే పొట్టులో పట్టి ఉన్న సోడియం, పొటాషియం వేళ్ల దగ్గర కాల్షియాన్ని అందనివ్వవు. లేత ఆకుల అంచులు మాడతాయి, కొత్త చిగురు ముడుచుకుపోతుంది. ఈ పని ఎండల్లో అయితే నీళ్లు బాగా దిగి, పీట్ పిడికిట నొక్కితే ఒకటి రెండు చుక్కలు రాలే పదునుకి వస్తుంది. వానలు మొదలయ్యాక ఎంత వడకట్టినా ముద్దగానే ఉంటుంది, ఆ ముద్దలో గింజ వేస్తే నారుకుళ్లు తప్పదు. జూన్ 5న వచ్చి ఉంటే సగం బ్లాకులైనా వానల్లో నానబెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ట్రేలకు కావాల్సినదంతా నానబెట్టి షెడ్డులో ఆరబోసేశాం. మిగతా బ్లాకులు చెక్క బల్లల మీద, గోడకి అడుగు దూరంలో, విప్పకుండా పేర్చి ఉన్నాయి.

బాకీ 60 శాతం మే 31నే మీ ఖాతాలో వేశాం. రసీదు ఈ మెయిల్‌తో జతచేశాం, ఒకసారి సరిచూసుకోండి.

ఇక ముఖ్యంగా అడగాల్సిన మాట. ఇకపై మా సరుకంతా మీ దగ్గరే తీసుకోవాలనుకుంటున్నాం, మీ ఉత్పత్తి వరుసలో మాకు ముందు చోటు కావాలి. ఎక్స్‌పోర్ట్ కంటైనర్ల తేదీలు మీకు ఎంత కచ్చితమో మాకు తెలుసు. వాటిని ఆపమని అడగడం లేదు. కంటైనర్ వచ్చినప్పుడు మా లాట్ వెనక్కి జరగకుండా ఉండాలంటే మావైపు నుంచి ఏం కావాలో ఆలోచించి ఈ ప్రతిపాదన పెడుతున్నాం.

జూలై 10కి 1,200 బ్లాకులు కావాలి. దసరాకి పూలు కోసుకునే రైతులకు ఇచ్చే బంతి నారు ఈ సరుకు మీదే ఆధారపడి ఉంది. ఆ రోజులు తప్పితే నారు మొత్తం పనికిరాకుండా పోతుంది. వానల్లో మీ కళ్లం మీద పొట్టు ఎండదు కాబట్టి వేసవిలో ఎండి, కొట్టి సిద్ధంగా ఉన్న దాంట్లోంచే ఈ 1,200 మా పేరున పక్కన పెట్టించండి. వీటికి మామూలు 40 శాతం కాకుండా సగం డబ్బు ఈ వారంలోనే పంపుతాం. టార్పాలిన్ కింద కాకుండా షెడ్డులో ఉంచగలిగితే మేలు. చెమ్మ తగిలిన బ్లాకు ఒక పక్క ఉబ్బి, దించేటప్పుడు చేతుల్లోనే విరిగిపోతుంది.

నవంబరు 20కి 2,400. దీన్ని అక్టోబరు 15లోగా లిఖితపూర్వకంగా ఖాయం చేసి 40 శాతం అడ్వాన్సు ఇస్తాం, ఆ తర్వాత సంఖ్య తగ్గించం.

వచ్చే వేసవి లాట్‌కి ఫిబ్రవరి నెలాఖరుకే ఇండెంటూ అడ్వాన్సూ ఇచ్చేస్తాం. కాలువలు కట్టేలోపు మా వంతు పొట్టు కూడా కడిగి ఎండబెట్టుకోవడానికి మీకు వ్యవధి ఉంటుంది. మాకు అన్నిటికంటే ఇదే కావాలి. ఈ ఒక్కటి కుదిరితే మిగతా తేదీలు ఒక రోజు అటూ ఇటూ అయినా సర్దుకుంటాం.

మావైపు నుంచి ఇంకో రెండు మాటలు. లారీ గేటు దగ్గరికి వచ్చిన మూడు గంటల్లో దించి పంపిస్తాం, ఆలస్యమైతే నిలుపు ఖర్చు మాదే. పరీక్ష ఫలితం రెండు రోజుల్లో మీకు పంపి, హద్దులో ఉంటే బాకీ మూడు పనిదినాల్లో చెల్లిస్తాం. మీవైపు నుంచి మేము కోరేది: ముందే పంపేటట్టయితే రెండు రోజుల ముందు తెలియజేయడం. ఈసారి షెడ్డు ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది. నవంబరులో ఎరువుల బస్తాలతో నిండి ఉంటే సరుకు ఆరుబయట పెట్టాల్సి వస్తుంది.

రేటు గురించి ఈ మెయిల్‌లో బేరం ఆడటం లేదు. ఇదే ఈసీ, ఇదే తేమ ఉన్నంతకాలం ఇప్పటి రేటే కొనసాగించడానికి మాకు అభ్యంతరం లేదు.

జూలై లాట్‌కి మాత్రం జూన్ 7లోగా మీ జవాబు వస్తే ఆ రోజే అడ్వాన్సు వేస్తాం. మీకు వీలైతే మేమే అంబాజీపేట వస్తాం, పక్కన పెట్టే సరుకు చూసి, తేదీలన్నీ కాగితం మీద రాసుకుందాం.

మరోసారి కృతజ్ఞతలతో,

రమేష్
కొనుగోళ్లు, నారు విభాగం
కడియపులంక