శనివారం స్పెషల్స్: బోర్డు మీద రాత, టేబుల్ దగ్గర మాట

శ్రావణ శనివారం. మధ్యాహ్నం సగం టేబుళ్లు నీసు ముట్టనివాళ్లవే ఉంటాయి. రాత్రికి ఆఫీసుల గుంపులు దిగుతాయి, వాళ్లలో మనవాళ్లతోపాటు బెంగాలీలు, తమిళులు, హిందీవాళ్లు కలిసే ఉంటారు. బోర్డు పన్నెండు కొట్టేసరికి గుమ్మం బయట ఉండాలి. కింద ఉన్నది ఉన్నట్టు సుద్దతో రాయండి, అందం కోసం ఒక్క మాట కూడా కలపొద్దు, చేప దగ్గర అసలే వద్దు.

ఈ రోజు స్పెషల్
వానాకాలం సరుకు, ఉన్నంతవరకే

మక్క గారెలు, అల్లం పచ్చడితో
నాటు మొక్కజొన్న, శనగపిండి కలపలేదు
6 గారెలు – ₹180

ఆగాకరకాయ వేపుడు
తెలంగాణలో బోడకాకర, హిందీలో కంటోలా
చేదుండదు. పల్లీ పొడి వేశాం
₹260

గంగవాయిలి కూర పప్పు
కోస్తాలో పావిలి కూర. పుల్లపుల్లగా, పలుచగా
₹210

చామగడ్డ పులుసు
అదే చేమదుంప, హిందీలో అర్బీ
₹220

ఇలస పులుసు, మట్టి దాకలో
సముద్రపు చేప. బెంగాలీలో ఇలిష్, హిందీలో హిల్సా
ముళ్లు ఎక్కువ. ప్లేటుకి 2 ముక్కలు – ₹690
ఈ రోజు 14 ప్లేట్లే

తాటి పండు బూరెలు
పండిన తాటి గుజ్జు, బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరి
3 బూరెలు – ₹160

బోర్డు ఇంతే. ఇక టేబుల్ దగ్గర చెప్పాల్సిన మాటలు. బట్టీ పట్టి అప్పజెప్పకండి, మీ యాసలో చెప్పండి, కానీ కాయల పేర్లు, ఆకుల పేర్లు మాత్రం ఇక్కడున్నట్టే రావాలి. ఆరు ఐటమ్సూ ఒక్క గుక్కలో చదివేస్తే ఎవరికీ ఒక్కటీ గుర్తుండదు, టేబుల్‌ని చూసి రెండు చెప్పండి, మూడోది వాళ్లే అడుగుతారు.

నీళ్లు పోశాక మొదటి మాట ఇది: "నమస్కారమండీ. ఈ రోజు వానాకాలం స్పెషల్స్ కొన్ని ఉన్నాయి, చెప్పమంటారా? నీసు తింటారా, లేక శనివారం కాబట్టి వెజ్ మాత్రమేనా?" ఈ ప్రశ్నకు జవాబొచ్చేదాకా ఇలస మాటెత్తొద్దు. శనివారం ఒక్కపొద్దున్న పెద్దాయన ముందు చేప గురించి వర్ణన మొదలుపెడితే ఆయన మెనూ మూసి పక్కన పెట్టేస్తాడు.

మక్క గారెలకి: "వాన పడుతుంటే తినాల్సినవి సార్ ఇవి. నాటు మక్క బుట్టల గింజలు వలిచి, పచ్చిమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర వేసి బరకగా రుబ్బి వేస్తున్నాం. పైన కరకర, లోపల గింజ పలుకు తగులుతుంది. ఆర్డర్ ఇచ్చాకే వేస్తాం, పది నిమిషాలు పడుతుంది." స్వీట్‌కార్నా అని అడుగుతారు. కాదనే చెప్పండి, స్వీట్‌కార్న్‌తో వేస్తే నీరు ఎక్కువై గారె నిలవదు, తియ్యగా కూడా ఉంటుంది. గుంటూరు వైపు వాళ్లకి మొక్కజొన్న గారెలు అంటే చాలు, హిందీవాళ్లకి మక్కే కే వడే. ఎవరైనా వెల్లుల్లి తినం అంటే వేరే పిండి లేదు, ఆ ముక్క ముందే చెప్పేయండి.

ఆగాకరకాయకి కొంచెం టైమ్ పెట్టండి, ఈ రోజు మనకి అమ్ముడుపోవాల్సింది ఇదే, ధర చూసి వెనకాడేదీ ఇదే. "కూరగాయ వేపుడుకి రెండొందల అరవయ్యా?" అనే ముఖం కనిపిస్తుంది, అప్పుడు ఇలా: "ఇది వానలు పడ్డాకే వచ్చే కాయండీ, రెండు మూడు నెలలే ఉంటుంది. అడవి అంచుల్లో తీగలకి కాసింది కోసుకొస్తారు, అందుకే మార్కెట్లోనే రేటు ఎక్కువ. కాకరకాయ చుట్టమే కానీ చేదు లేదు. లేత కాయలు ఏరి చక్రాల్లా కోసి, గింజతో సహా సన్న మంట మీద వేయించాం, చివర్లో పల్లీ పొడి, ఎండుమిర్చి." కరీంనగర్, వరంగల్ వాళ్లయితే బోడకాకర అనగానే ముఖం వెలుగుతుంది, ఇక ఏమీ చెప్పక్కర్లేదు, ఆర్డర్ రాసుకోండి.

హిందీ టేబుల్‌కి: "సర్, ఆజ్ కంటోలా హై, సిర్ఫ్ బారిష్ మే మిల్తా హై, కడ్వా నహీ హై." యూపీ వాళ్లు కకోడా అంటారు, మరాఠీవాళ్లు కర్టోలీ, తమిళులు పళుపాగల్. ఇంగ్లీషులో అడిగితే స్పైన్ గార్డ్. బిటర్ గార్డ్ అని మాత్రం అనకండి, అది మామూలు కాకరకాయ, ఆ మాట వింటే చేదు పడనివాళ్లు రుచి కూడా చూడకుండా వద్దంటారు. పల్లీలు పడనివాళ్లు ఉన్నారేమో అడగడం తప్పనిసరి. 'వేరుశనగ గుళ్లు', 'పల్లీలు', 'మూంగ్‌ఫలీ', 'పీనట్' – నాలుగు మాటల్లో వాళ్లకి తెలిసినదేదో అది వాడండి. పొడి లేకుండా చేసివ్వమంటే చేస్తారు, కానీ కేఓటీ మీద పెద్దక్షరాలతో రాయాలి, నోటితో కేకేసి వచ్చేస్తే వంటింట్లో ఎవరికీ వినబడదు.

గంగవాయిలి పప్పు తేలిగ్గా పోతుంది. "పొలాల్లో దానంతటదే మొలిచే ఆకండీ, కాడ గుజ్జుగా, ఆకు చిన్నగా, కొంచెం పులుపు. కందిపప్పుతో వండాం, చారెడు నెయ్యి వేసుకుంటే అన్నంలోకి ఇంకేమీ అక్కర్లేదు." గోదావరి జిల్లాల వాళ్లకి పావిలి కూర అనండి. పాలకూర లాంటిదే అని సర్దిచెప్పొద్దు, రుచి వేరు, తెప్పించుకున్నాక నిలదీస్తారు. తమిళులకి పరుప్పుక్కీరై, ఇంగ్లీషులో పర్స్‌లేన్. హిందీలో కుల్ఫా, కానీ కుల్ఫా కా సాగ్ అని పూర్తిగా అనండి, సగంలో ఆపితే పిల్లలు కుల్ఫీ అనుకుని ఎగురుతారు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా కావాలంటే స్పెషల్స్‌లో కుదిరేది ఈ పప్పు ఒక్కటే, పోపు పెట్టకముందే లోపల చెప్పాలి.

చామగడ్డ పులుసు గురించి ఎక్కువ అక్కర్లేదు. "చింతపండు పులుసు, కొంచెం బెల్లం, దుంప వెన్నలా ఉడికింది." గొంతు దురద పెడుతుందా అంటే, బాగా ఉడికించి పులుసులో వేశాం, ఉండదండీ అనండి. ఇంగ్లీషులో టారో. స్వీట్ పొటాటో అంటే చిలగడదుంప, తెలంగాణలో మొరంగడ్డ, దాన్నీ దీన్నీ కలిపేయొద్దు.

ఇలస. ఇక్కడ అందరూ ఆగి చదవండి. మన దగ్గర ఈ రోజు ఉన్నది పులస కాదు. చేప జాతి ఒకటే, సముద్రంలో ఉన్నంతసేపు ఇలస, గోదావరికి ఎర్ర నీళ్లు వచ్చినప్పుడు నదిలోకి ఎదురీది వస్తే పులస, ధవళేశ్వరం బ్యారేజీ దిగువన వలల్లో పడేది అదే. మనకొచ్చింది ఒడిశా తీరంలో పట్టింది, ఐసులో వచ్చింది. గోదావరి పులసకి ఒక్క చేపకే వేలు పెట్టాలి, 690కి ప్లేటు ఎవరూ ఇవ్వలేరు, రాజమండ్రి నుంచి వచ్చినవాళ్లకి ఆ లెక్క మనకంటే బాగా తెలుసు. ఎవరైనా పులసేనా అని కన్ను గీటి అడిగినా, మీరు నవ్వి ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టే. ఇలా అనండి:

"పులస కాదండీ, ఇలస. సముద్రంలో పట్టిన చేప. వండింది మాత్రం గోదావరి పద్ధతిలోనే, మట్టి దాకలో, చింతపులుసు, బెండకాయలు, పచ్చిమిర్చి, పైన కాస్త ఆవకాయ నూనె. నిన్న రాత్రే వండి ఉంచాం, పులుసు ముక్కకి పట్టింది. ముళ్లు చాలా ఉంటాయి, చేత్తో నెమ్మదిగా తినాలి."

ముళ్ల మాట నవ్వుతూనైనా చెప్పి తీరాలి. చిన్నపిల్లలకి పెట్టబోతుంటే ఇంకోసారి చెప్పండి, వాళ్లకి చికెన్ ఫ్రై చూపించండి. బెంగాలీ అతిథులకి ఇలిష్ అనే మాట చాలు, కాకపోతే ఆవాల ముద్దతో చేసిన వంట అనుకుంటారు, "మస్టర్డ్ నహీ, ఇమ్లీ కా హై, తీఖా హై" అని ముందే చెప్పాలి. జన ఉందా అని అడుగుతారు, అంటే చేప గుడ్లు. నాలుగు ప్లేట్లకి సరిపడా ఉంది, ముందు అడిగినవాళ్లకే. ప్లేటు వెళ్లిన ప్రతిసారీ బోర్డు మీద అంకె మార్చే పని క్యాష్ కౌంటర్‌ది, మీరు గట్టిగా చెప్పండి.

తాటి బూరెలు భోజనం అయ్యాక, బిల్లు అడిగేలోపు. "మేడమ్, తాటి పండు బూరెలు ట్రై చేస్తారా? బాగా పండిన తాటి పండు పిసికి, పీచు తీసిన గుజ్జుతో చేశాం. ఆ వాసన ఇంకే పండుకీ రాదు." ముంజలా అని అడుగుతారు. ముంజలు అదే కాయ లేతగా ఉన్నప్పటి గింజ, ఎండాకాలంలో దొరికేవి, ఇంగ్లీషులో ఐస్ ఆపిల్ అనేది వాటినే. మనది పండిన కాయ పైగుజ్జు, పామైరా ఫ్రూట్ అనండి. వట్టి పామ్ ఫ్రూట్ అంటే ఖర్జూరమో, పామాయిలో అనుకుంటారు. బెంగాలీ టేబుల్‌కి తాల్ అని ఒక్క మాట వేయండి, కృష్ణాష్టమికి వాళ్లిళ్లలో తాలేర్ బొరా చేసుకుంటారు, ఇలిష్ తిన్నవాళ్లు ఇది కూడా తీసుకోవడం ఖాయం. వాసన కొత్తవాళ్లకి ఘాటుగా ఉంటుంది, అనుమానంగా చూస్తే ఒక్క బూరె సగం చేసి రుచి చూపించండి, దానికి బిల్లు వేయక్కర్లేదు.

లేనివాటి గురించి కూడా అడుగుతారు. చింతచిగురు మటన్: "లేత చిగురు అయిపోయిందండీ, మళ్లీ ఎండాకాలానికే." సీతాఫలం ఐస్‌క్రీమ్: "కాయ ఇంకా పక్వానికి రాలేదు, దసరా నాటికి పెడతాం." గోంగూర రోజూ ఉంటుంది, అది స్పెషల్ కింద చెప్పొద్దు. తెలంగాణవాళ్లు పుంటికూర అంటే, హిందీవాళ్లు అంబాడీ అంటే అదే. పాత మెనూలో ఇంగ్లీషులో సోరెల్ అని ఉంది, అది వేరే మొక్క. కొత్త మెనూ వచ్చేదాకా గోంగూర అనే పలకండి, ఇంకా అడిగితే మందార జాతి మొక్క, పుల్లటి ఆకు అని చెప్పండి.

తెలియని ప్రశ్న వస్తే ఊహించి చెప్పొద్దు, "ఒక్క నిమిషం, లోపల కనుక్కొస్తానండీ" అని వంటింట్లోకి రండి. ఐటమ్ అయిపోతే బోర్డు మీద తుడిచేయకండి, గీత కొట్టండి, ఏం ఉండేదో కనబడితే రేపు త్వరగా వస్తారు. ఆగాకర సాయంత్రానికి ఇంకో మూడు కిలోలు వస్తోంది, కాబట్టి మధ్యాహ్నం దాచిపెట్టక్కర్లేదు, అడిగినవాళ్లందరికీ ఇవ్వండి.