మా అమ్మాయి పెళ్ళి వీడియో గురించి, అడ్వాన్సు ఇచ్చే ముందు

వీడియోగ్రాఫర్ గారికి నమస్కారములు.

మొన్న ఫోనులో ప్యాకేజీ వివరాలు చెప్పారు. ధర విషయంలో మాకు పేచీ లేదు. అయితే అడ్వాన్సు పంపే ముందు కొన్ని సంగతులు రాతపూర్వకంగా స్పష్టం చేసుకోవడం ఇద్దరికీ మంచిదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెళ్ళి గుంటూరులో, మగపెళ్ళివారిది విజయవాడ. సుముహూర్తం శుక్రవారం రాత్రి 2 గంటల 14 నిమిషాలకు. ఉదయం బ్రాడీపేటలోని మా ఇంట్లో పెళ్ళికూతురిని చేస్తాము. ఆ వరండా ఎనిమిది అడుగుల వెడల్పు కూడా ఉండదు కనుక పెద్ద లైటు స్టాండ్లు పట్టవు. రాత్రి కల్యాణ మండపంలో అమ్మాయి గౌరీపూజ చేసే వేళకే విడిదిలో స్నాతకం, కాశీయాత్ర జరుగుతాయి. మీ ప్యాకేజీలో ఇద్దరు వీడియోగ్రాఫర్లని ఉంది. రెండు చోట్లకూ చెరొకరు వెళ్తే మండపంలో ఎదురుకోలు ఏర్పాట్లు, వచ్చే బంధువులు ఎవరి కెమెరాలో పడతారు? మూడో మనిషి అవసరమైతే ఇప్పుడే చెప్పండి. పొద్దున ఆరింటికి మొదలుపెట్టినవారే మర్నాడు తెల్లవారుజామున అప్పగింతలు కూడా తీస్తారా, మధ్యలో మనుషులు మారతారా అన్నదీ తెలియాలి. మీవాళ్ళ భోజనాలకు రెండో పంక్తిలో ఆకులు వేయిస్తాను, ఆ చింత వద్దు.

అన్నిటికన్నా నాకు ముఖ్యమైనది జీలకర్ర బెల్లం. మధ్యలో అడ్డుతెర ఉంటుంది కనుక ఒకవైపు నుంచి తీసే కెమెరాకు రెండోవారి ముఖం కనబడదు. తెరకు ఇరువైపులా చెరొక కెమెరా, ఎదురుగా స్టాండు మీద కదలకుండా మరొకటి ఉంచగలరా? తెర దించిన తరువాత వాళ్ళు మొదటిసారి ఒకరినొకరు చూసుకునే రెండు మూడు క్షణాలను మళ్ళీ చేయించడం కుదరదు. తలంబ్రాలు, బిందెలో ఉంగరం వెతకడం లాంటివి చాలాసేపు సాగుతాయి కనుక వాటి విషయంలో నాకు బెంగ లేదు. ముహూర్తం వేళ మీవాళ్ళు మండపం అంచున కూర్చుని తీయాలని నా మనవి. మా పెద్దబ్బాయి పెళ్ళిలో నలుగురు కెమెరావాళ్ళు వరుసగా నిలబడడంతో ముందు వరుసలో ఉన్న మా చెల్లెలికి వాళ్ళ వీపులు తప్ప ఏమీ కనబడలేదు.

ఆ పెళ్ళి వీడియోలో మరో లోపం ఉంది, అది ఇక సరిదిద్దలేనిది. అక్షింతలు వేస్తూ మా అమ్మ కోడలి చెవిలో ఏదో చెప్పి నవ్వింది. పెదవులు కదలడం చక్కగా కనబడుతుంది, వినబడేది మాత్రం సినిమా పాట. ఆమె ఇప్పుడు లేదు. అసలు శబ్దం ఉందా అని అడిగితే కార్డులు చెరిపేశామన్నారు. అందుచేత అడుగుతున్నాను: పురోహితులవారికి, పెళ్ళికొడుక్కి కాలరు మైకులు పెడతారా? సన్నాయి మేళం ఒక పక్కన హోరెత్తుతుంటే కెమెరాకున్న మైకు ఒక్కటే చాలదని నా అనుభవం. హైలైట్స్ వీడియోలో పాటలు మీ ఇష్టం. పూర్తి నిడివి వీడియోలో మాత్రం మంత్రాలు, మాటలు, గట్టిమేళం యథాతథంగా ఉండాలి. లైవ్‌లో సినిమా పాటలు వినబడితే కాపీరైటు వల్ల ప్రసారం ఆగిపోవచ్చు కనుక, అమెరికాలో ఉన్న మా బావమరిది కోసమైనా ఆ జాగ్రత్త తీసుకోండి.

అరుంధతీ దర్శనానికి వధూవరులు ఆరుబయటకు వస్తారు. వాళ్ళ ముఖాల మీదికి లైటు కొట్టకుండా తీయగలిగే ఏర్పాటుందా? మండపంలోని ఎల్‌ఈడీ దీపాల వల్ల వీడియోలో చారలు రాకుండా ముందుగా ఒకసారి పరీక్షించి చూడండి. డ్రోను తెస్తే దానికి రిజిస్ట్రేషను, ఎగరేసేందుకు అనుమతి ఉన్నాయో లేదో చెప్పండి. మండపం లోపల మాత్రం వద్దు.

ఇక అప్పగింత వివరాలు. 4K లో 100 Mbps చొప్పున తీస్తే గంటకు 45 జీబీ అవుతుందని మా అబ్బాయి లెక్క కట్టాడు. మూడు కెమెరాలు పది గంటలు తిరిగితే 1350 జీబీ. ఎడిట్ చేయని ఫుటేజీ అంతా మాకు కావాలి కనుక 2 టీబీ హార్డు డిస్కు నేనే కొనిస్తాను. ఒక కార్డు చెడినా పోకుండా మీ కెమెరాలు ఏకకాలంలో రెండు కార్డుల్లో రికార్డు చేస్తాయా? పూర్తి వీడియో 1080p MP4 గా పెన్‌డ్రైవులో కావాలి. మా పాత టీవీ FAT32 పెన్‌డ్రైవునే చదువుతుంది, అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు కనుక భాగాలుగా ఇవ్వండి. హైలైట్స్ ఎన్ని రోజులకు, పూర్తి వీడియో ఎన్ని రోజులకు ఇస్తారు, మార్పులు ఎన్నిసార్లు చేస్తారు? మేము ఫుటేజీ సరిచూసుకుని చెప్పేవరకు మీ దగ్గరి కాపీ చెరపకూడదు. మా అమ్మాయిని అడగకుండా ఇన్‌స్టాగ్రామ్‌లో ఏదీ పెట్టవద్దు.

వీటికి జవాబు రాసి పంపితే అడ్వాన్సు 40,000 రూపాయలు ఆ రోజే పంపుతాను. ఆదివారం సాయంత్రం పురోహితులవారు మండపం చూడటానికి వస్తున్నారు. మీరూ వస్తే ఎవరు ఎక్కడ కూర్చోవాలో అక్కడే నిర్ణయించుకోవచ్చు.

ఇట్లు,
పెళ్ళికూతురి తండ్రి,
బ్రాడీపేట, గుంటూరు