అత్తయ్యకు నా జవాబు

అత్తయ్యా, నిన్న గ్రూపులో నా ఫోటో చూసి ‘బాగా లావయ్యావు, రంగు కూడా తగ్గావు’ అన్నారు. మా ఇంట్లో అద్దం ఉందండీ, రోజూ రిపోర్ట్ ఇస్తూనే ఉంది. రంగంటారా, అది చర్మంలో మెలనిన్ పని, ఎండ నుంచి కాపాడుతుంది. అందులో మీ తమ్ముడి వాటా కూడా ఉంది కాబట్టి కంప్లయింట్ నాన్నకే ఇవ్వండి!

బరువు సంగతి మాత్రం సీరియస్‌గా చెబుతున్నా. అది నేనూ మా డాక్టరూ చూసుకుంటాం. చెల్లికి 14 ఏళ్లు. మీ మెసేజ్ చదివి రాత్రి చాలాసేపు అద్దం ముందే నిలబడింది. ఇకపై మా ఇద్దరి ఒంటి గురించీ మాట్లాడొద్దు. మళ్లీ అంటే ఫోన్ పెట్టేస్తాను, కోపం అనుకోకండి.

మీ మోకాలి నొప్పి తగ్గిందా? ఆదివారం ఫోన్ చేస్తా.