కన్వర్షన్ 2.4 నుంచి 1.62కి ఎందుకు పడింది? జులై, ఆగస్టు లెక్కలు

అక్కా, టీమ్ అందరికీ,

మన పచ్చళ్ళ సైట్ కన్వర్షన్, అంటే వచ్చినవాళ్ళలో కొన్నవాళ్ళ శాతం, ఎందుకు పడిందో శుక్రవారం మీటింగ్‌లో తలా ఒక కారణం చెప్పారు. అక్క శ్రావణమాసం అంది, ప్యాకింగ్ వాళ్ళు కొత్త మామిడికాయ లాట్ పులుపు తక్కువన్నారు, యాడ్స్ చూసే తమ్ముడేమో సైట్ స్లో అయిందన్నాడు. శని, ఆదివారాలు కూర్చుని లెక్కలన్నీ తీశాను. పోల్చింది జులై 7 నుంచి ఆగస్టు 3 వరకు 4 వారాలు, ఆగస్టు 4 నుంచి 31 వరకు 4 వారాలు, రెండూ సోమవారం మొదలై ఆదివారం ముగిసేవే. నెలతో నెల పోలిస్తే వీకెండ్‌లు ఎక్కువ తక్కువై లెక్క వంకరపోతుంది, అందుకని ఇలా.

ముందే చెప్పాల్సిన మాట, ఆర్డర్లు తగ్గలేదు. జులైలో 40,000 మంది వస్తే 960 మంది కొన్నారు, అంటే 2.4 శాతం. ఆగస్టులో 62,000 మంది వస్తే 1,004 మంది కొన్నారు, 1.62 శాతం. అమ్మకం ఉన్నచోటే ఉంది, వచ్చే జనం మాత్రం ఒకటిన్నర రెట్లయ్యారు. దీన్ని చూసి "అయితే ఇబ్బందేం లేదుగా" అనుకోకండి, ఉంది, కింద చెప్తాను.

కొలతే తప్పేమో అని మొదట అదే చూశాను. ఎనలిటిక్స్‌లో కనిపించే ఆర్డర్లు మన ఆర్డర్ రిజిస్టర్ కంటే రెండు నెలల్లోనూ 2, 3 శాతం తక్కువున్నాయి. రెండింట్లోనూ ఒకేలా తక్కువుంది కాబట్టి ట్రాకింగ్ గొడవ కాదు.

వచ్చిన జనాన్ని రెండు కుప్పలుగా విడదీశాను, ఇన్‌స్టా యాడ్స్ నుంచి వచ్చినవాళ్ళు, మిగతావాళ్ళు. జులైలో ఇన్‌స్టా వాళ్ళు 10,000, మిగతావాళ్ళు 30,000. ఆగస్టులో రీల్స్ బడ్జెట్ పెంచాం కదా, ఇద్దరూ చెరి 31,000 అయ్యారు. రీల్ చూస్తూ చూస్తూ నోరూరి నొక్కేసినవాళ్ళకీ, గోంగూర పచ్చడి అని గూగుల్‌లో వెతుక్కుని వచ్చినవాళ్ళకీ తేడా ఉంటుంది. జులైలో ఇన్‌స్టా వాళ్ళు 1.2 శాతం కొంటే మిగతావాళ్ళు 2.8 శాతం కొన్నారు. ఎవరి అలవాటూ మారకుండా కేవలం ఈ పాళ్ళు సగం సగం అయితే చాలు, మొత్తం 2.4 కాస్తా 2.0కి దిగుతుంది. అంటే మొత్తం పడిన 0.78లో 0.40, సగం పైచిలుకు, కేవలం జనం కలయిక మారడం వల్లే. సైట్‌లో ఏదీ చెడలేదు, పచ్చడీ చెడలేదు.

మిగిలిన 0.38 మాత్రం నిజంగా మన తప్పే. ఇన్‌స్టా వాళ్ళ రేటు 1.2 నుంచి 0.64కి పడింది, దానివల్ల 0.28. మిగతావాళ్ళది 2.8 నుంచి 2.6కి, దానివల్ల 0.10. ఎక్కడ కారుతోందో తెలియాలంటే ఫన్నెల్‌లో మెట్టు మెట్టూ చూడాలి. ఇన్‌స్టా వాళ్ళది ఇదీ:

| మెట్టు | జులై | ఆగస్టు | పై మెట్టు నుంచి ఈ మెట్టుకి వచ్చినవాళ్ళు, జులై | ఆగస్టు |
|---|---|---|---|---|
| సైట్‌కి వచ్చారు | 10,000 | 31,000 | | |
| పచ్చడి పేజీ చూశారు | 5,200 | 16,300 | 52.0% | 52.6% |
| కార్ట్‌లో వేశారు | 620 | 1,860 | 11.9% | 11.4% |
| చెక్అవుట్ మొదలెట్టారు | 410 | 1,240 | 66.1% | 66.7% |
| పేమెంట్ పేజీకి వచ్చారు | 190 | 530 | 46.3% | 42.7% |
| డబ్బు కట్టారు | 120 | 198 | 63.2% | 37.4% |

చివరి వరుస చూడండి. పచ్చడి నచ్చింది, జాడీ ఎంచుకున్నారు, అడ్రసు టైప్ చేశారు, పిన్‌కోడ్ కొట్టారు, డబ్బు కట్టడానికి సిద్ధపడ్డారు, అక్కడ ఆగిపోయారు. మిగతావాళ్ళలో ఇదే మెట్టు రెండు నెలల్లోనూ 67.7 శాతమే, ఇసుమంతైనా మారలేదు. సైట్ స్లో అయ్యుంటే పై మెట్లలో కనబడేది, పై మూడు మెట్లూ రెండు కుప్పల్లోనూ దాదాపు కదల్లేదు.

రోజువారీ చూస్తే ఆగస్టు 4, 5, 6 తేదీల్లో ఇన్‌స్టా వాళ్ళు ఎప్పటిలాగే కట్టారు. 7 నుంచి కూలిపోయింది. 6వ తేదీ బుధవారం రాత్రి మనం కొత్త పేమెంట్ పేజీ పెట్టాం. పాత పేజీలో యూపీఐ ఐడీ టైప్ చేస్తే ఫోన్‌కి రిక్వెస్ట్ వచ్చేది, కొత్తదాంట్లో బటన్ నొక్కితే నేరుగా యూపీఐ యాప్ తెరుచుకుంటుంది. క్రోమ్‌లో బ్రహ్మాండంగా పనిచేస్తోంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. బ్రౌజర్ వారీగా తీస్తే బయటపడింది:

```sql
SELECT device.web_info.browser AS browser,
  COUNT(DISTINCT IF(event_name = 'add_payment_info', user_pseudo_id, NULL)) AS payment,
  COUNT(DISTINCT IF(event_name = 'purchase', user_pseudo_id, NULL)) AS paid
FROM `shop.events_*`
WHERE _TABLE_SUFFIX BETWEEN '20250807' AND '20250831'
GROUP BY browser
ORDER BY payment DESC
```

ఇదే క్వెరీని ఇన్‌స్టా కుప్పకి మాత్రమే నడిపితే Android Webview వరుసలో, అంటే ఆండ్రాయిడ్‌లో యాప్ లోపలే తెరుచుకునే బ్రౌజర్‌లో, పేమెంట్ పేజీకి వచ్చినవాళ్ళు 410, కట్టినవాళ్ళు 119. అంటే వందలో 29 మంది. అదే కుప్పలో ఐఫోన్ వాళ్ళు 65 మందే, వాళ్ళలో 44 మంది కట్టేశారు. అప్పుడు నా ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే ఇన్‌స్టా తెరిచి, మన యాడ్ నొక్కి, అరకిలో ఉసిరికాయ పచ్చడి కార్ట్‌లో వేసి, పేమెంట్ దాకా వెళ్ళాను. యూపీఐ బటన్ నొక్కగానే తెల్ల పేజీ, దాని మీద net::ERR_UNKNOWN_URL_SCHEME. వెనక్కి నొక్కితే కార్ట్ ఖాళీ. ఆండ్రాయిడ్‌లో ఇన్‌స్టా యాప్ లోపల తెరుచుకునే బ్రౌజర్‌కి upi:// తో మొదలయ్యే లింకు ఏం చేయాలో తెలియదు, క్రోమ్‌లా దాన్ని ఫోన్‌కి అప్పజెప్పదు. అంతే సంగతి. మేం టెస్ట్ చేసింది క్రోమ్‌లో, యాడ్‌కి డబ్బులు పోసింది ఇన్‌స్టాలో! టెస్ట్ చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవర్నీ అనట్లేదు.

ఇక్కడ చిన్న మెలిక ఉంది. అక్కడ పేమెంట్ అవ్వకపోతే కొంతమంది క్రోమ్ తెరిచి మళ్ళీ వచ్చి కొంటారు. రెండు బ్రౌజర్ల కుకీలు వేరు కాబట్టి ఎనలిటిక్స్ దృష్టిలో వాళ్ళు వేరే మనిషి, ఇన్‌స్టాది కాస్త ఎక్కువ దారుణంగానూ మిగతాది కాస్త బాగానూ కనిపిస్తుంది. అందుకని చెక్అవుట్‌లో ఇచ్చిన ఫోన్ నంబర్లతో సరిచూశాను. ఆగస్టులో కట్టకుండా పోయిన 332 మందిలో 41 మంది మూడు రోజుల్లోపు వేరే బ్రౌజర్ నుంచి కొన్నారు. వాళ్ళని కలిపినా 45 శాతమే. జులైలో ఇలాగే కలిపితే దాదాపు 68 వస్తుంది. ఆ తేడా లెక్కేస్తే ఈ ఒక్క బటన్ వల్ల పోయింది సుమారు 120 ఆర్డర్లు.

రెండోది షిప్పింగ్. చెక్అవుట్ నుంచి పేమెంట్ పేజీకి వచ్చే మెట్టు రెండు కుప్పల్లోనూ దాదాపు ఒకేలా దిగింది, ఇన్‌స్టాలో 46.3 నుంచి 42.7, మిగతావాళ్ళలో 60.2 నుంచి 56.7. ఇద్దరికీ ఒకేలా తగిలిందంటే బ్రౌజర్ కాదు, ధర. ఆగస్టు 11న ఫ్రీ షిప్పింగ్ హద్దు ₹499 నుంచి ₹799కి పెంచాం. మిగతావాళ్ళని బిల్లు వారీగా విడదీస్తే ₹499 లోపు బిల్లుల్లో ముందూ వెనకా 41 శాతమే, ₹799 పైన 66 శాతమే, ఆ మధ్యలో ఉన్నవాళ్ళలో మాత్రం 61 నుంచి 47కి పడింది. పైగా ఆ ₹80 షిప్పింగ్ ఛార్జీ అడ్రసు ఇచ్చేదాకా ఎక్కడా కనబడదు, అన్నీ టైప్ చేశాక కనబడితే ఎవరికైనా మండుతుంది. దీనివల్ల పోయినవి రెండు కుప్పల్లో కలిపి 75, 80 ఆర్డర్లు ఉంటాయి. హద్దు పెంచడం తప్పని నేననను, గాజు జాడీల కొరియర్ ఖర్చు నాకూ తెలుసు, అది అక్క తేల్చాలి. కానీ ఆ ₹80 కార్ట్ పేజీలోనే చూపించాలి.

ఇక కోహార్ట్‌లు. మొదటిసారి ఏ వారం వచ్చారో దాన్నిబట్టి జనాన్ని బ్యాచ్‌లు చేసి ఎంతమంది కొన్నారో చూడటం. శుక్రవారం తమ్ముడు చూపించిన చార్ట్‌లో ఇది మెట్లలా కిందికి దిగుతూ పోయింది, చూసి అందరికీ టెన్షన్ వచ్చింది. ఆ చార్ట్‌ని పక్కన పడేయండి. అందులో జులై మొదటి బ్యాచ్‌కి కొనడానికి రెండు నెలల టైమ్ ఉంది, ఆగస్టు చివరి బ్యాచ్‌కి వారం కూడా నిండలేదు. మొన్న పెట్టిన ఆవకాయ ఊరలేదని ఏడ్చినట్టుంది. ప్రతి బ్యాచ్‌కీ సరిగ్గా 7 రోజులే ఇచ్చి మళ్ళీ లెక్కేశాను, నిన్నటితో చివరి బ్యాచ్‌కి కూడా 7 రోజులు నిండాయి. ఇన్‌స్టా వాళ్ళవి జులై నాలుగు వారాలూ 1.0, 1.1, 1.0, 1.1. తర్వాత 0.8, 0.6, 0.5, 0.5. మిగతావాళ్ళవి 2.1, 2.2, 2.0, 2.1, 2.1, ఆ తర్వాత మూడు వారాలూ 1.9. ఒకటి ఆగస్టు 4 వారంలో విరిగింది, రెండోది 11 వారంలో. రెండు తేదీలూ మనం చేసిన మార్పులతో సరిపోతున్నాయి.

దీంతో అక్క చెప్పిన శ్రావణం సంగతీ తేలుతుంది. శ్రావణం జులై 25న మొదలైంది, ఆ వారంలోగానీ తర్వాతి వారంలోగానీ బ్యాచ్‌లు కదల్లేదు. ఆగస్టు 23న అయిపోయింది, 25 నుంచి వచ్చిన బ్యాచ్ లేవలేదు. చికెన్, రొయ్యల పచ్చళ్ళ పేజీలు చూసేవాళ్ళు తగ్గిన మాట నిజమే, అది మాత్రం శ్రావణమే. కానీ ఆగస్టులో రేటు పడింది వెజ్ పచ్చళ్ళలో కూడా.

రుచి గురించి భయపడ్డవాళ్ళ కోసం కొన్నవాళ్ళ కోహార్ట్ కూడా తీశాను. ఏప్రిల్‌లో మొదటిసారి కొన్నవాళ్ళలో 60 రోజుల్లోపు మళ్ళీ కొన్నది 18 శాతం, మే వాళ్ళు 19, జూన్ వాళ్ళు 18. పాత కస్టమర్లు సైట్‌కి వచ్చినప్పుడు కొనే రేటు జులైలో 7.4, ఆగస్టులో 7.3. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, కొత్త లాట్ జాడీలు వెళ్ళింది ఆగస్టు రెండో వారం నుంచి, వాటిని తిన్నవాళ్ళు మళ్ళీ కొంటారో లేదో అక్టోబర్ మధ్యలోగానీ తెలియదు. కాబట్టి ఈ పతనానికి లాట్ కారణం కాదు, లాట్ బాగుందని మాత్రం నేను సర్టిఫికెట్ ఇవ్వట్లేదు.

చేయాల్సినవి. బుధవారం, సెప్టెంబర్ 10వ తేదీ లోపు, యాప్ లోపలి బ్రౌజర్ నుంచి వచ్చినవాళ్ళకి పాత పేమెంట్ పేజీ చూపించాలి, డెవలపర్‌తో మాట్లాడాను, రోజు పని అన్నాడు. అప్పటిదాకా ఇన్‌స్టా బడ్జెట్ జులై స్థాయికి దించేద్దాం తమ్ముడూ, చిల్లికుండలో నీళ్ళు పోసినట్టుంది ఇప్పుడు. బటన్ బాగయ్యాక మళ్ళీ పెంచొచ్చు, కానీ పెంచితే మొత్తం కన్వర్షన్ 2.4 కంటే కిందే ఉంటుంది, అప్పుడు మళ్ళీ కంగారుపడొద్దు. ఇకనుంచి డాష్‌బోర్డ్‌లో మొత్తం రేటు ఒక్కటే కాకుండా రెండు కుప్పలూ విడివిడిగా పెడుతున్నాను.

కట్టలేక పోయిన 332 మందిలో తిరిగిరాని 291 మంది లిస్టు అక్కకి విడిగా పంపాను. వాళ్ళలో వాట్సాప్ మెసేజ్‌కి ఒప్పుకున్నవాళ్ళకే ఒకసారి పంపండి, ఊరికే అందరికీ కొట్టకండి.

మార్పు ఫలించిందో లేదో 15 నుంచి 21 వరకు వచ్చే బ్యాచ్‌లో చూస్తాను. దానికి 7 రోజులు నిండేది 28న, లెక్క 29 సోమవారం పొద్దున పెడతాను. మధ్యలో ఎవరూ అడగొద్దు, అడిగినా చెప్పను.