మొదటిసారి చూపించుకునే ముందు డాక్టరు గారికి రాసిన ఉత్తరం

డాక్టరు గారికి నమస్కారం.

బుధవారం 11 గంటలకు మీ దగ్గరకు వస్తున్నాను. ఎదురుగా కూర్చుంటే సగం మరిచిపోతానని ముందే రాస్తున్నాను.

నాకు 52 ఏళ్లు. నెలసరి ఆగి 14 నెలలైంది, ఆ తర్వాత ఒక్క మరక కూడా కనబడలేదు. ఆరు నెలలుగా ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయి. ఛాతీ దగ్గర మొదలై మెడ, ముఖం, చెవుల దాకా పాకుతుంది. గుండె దడదడలాడుతుంది, పైపెదవి మీద, మెడ వెనక చెమట పడుతుంది. మూడు నాలుగు నిమిషాల్లో తగ్గి, వెంటనే చలేస్తుంది. రెండు వారాలు లెక్క రాశాను: పగలు ఐదారుసార్లు, రాత్రి మూడుసార్లు. వేడి కాఫీ తాగినా, గాలాడని గదిలో ఉన్నా ఎక్కువవుతోంది.

అసలు బాధ నిద్రే. పదిన్నరకు పడుకుంటే ఒంటిగంటకు నైటీ తడిసిపోయి మెలకువ వస్తుంది. బట్టలు మార్చుకుని, దిండు తిరగేసి పడుకున్నా మళ్లీ నిద్ర పట్టేసరికి గంట దాటుతోంది. మొత్తం మీద నాలుగు గంటలే. పగలు చిన్న మాటకే కళ్లనీళ్లొస్తున్నాయి.

బీపీకి రెండేళ్లుగా ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. రోజూ వేసుకుంటున్నాను. దానివల్ల కూడా ముఖం వేడెక్కుతుందంటారు, చూడండి. థైరాయిడ్ పరీక్ష ఎప్పుడూ చేయించలేదు. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. కాళ్లలో రక్తం గడ్డకట్టడం ఎప్పుడూ లేదు. మా అమ్మకు 58వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అందుకే హార్మోన్ మందులంటే భయం. అవి నాకు పనికొస్తాయా, హార్మోన్ లేని మందులున్నాయా చెప్పండి. లెక్క రాసిన కాగితం, మందుల అట్ట తెస్తాను.